అండాశయంలో నిలవ నెత్తురు: చాక్లెట్ సిస్ట్, నొప్పి, సంతానం

చాక్లెట్ సిస్ట్ అంటే అండాశయంలో పాత నెత్తురుతో నిండిన తిత్తి. వైద్యులు దీన్ని ఎండోమెట్రియోమా అంటారు. గర్భసంచి లోపలివైపు నెలనెలా పెరిగి, ముట్టు రూపంలో రాలిపోయే పొర పేరు ఎండోమెట్రియం. అలాంటి కణజాలమే గర్భసంచి బయట, పొత్తికడుపులో అక్కడక్కడా అంటుకుని పెరిగితే ఆ జబ్బు ఎండోమెట్రియోసిస్. అది అండాశయంలో చోటు చేసుకుని తిత్తి కడితే ఎండోమెట్రియోమా. గర్భసంచిలో పొర రాలినప్పుడు నెత్తురు బయటికి పోవడానికి దారి ఉంటుంది. తిత్తికి ఆ దారి లేదు. నెలనెలా కొద్దికొద్దిగా ఊరిన నెత్తురు అక్కడే నిలిచి, ముదురు గోధుమరంగుకు తిరిగి, చిక్కబడుతుంది. ఆపరేషన్‌లో తిత్తి చిట్లితే బయటికి జారే ద్రవం కరిగిన చాక్లెట్ లాగే ఉంటుంది. అమెరికాలోని ఆల్బనీ నగరంలో పనిచేసిన జాన్ శాంప్సన్ అనే వైద్యుడు 1921లో ఈ తిత్తులను వివరిస్తూ రాసిన వ్యాసం శీర్షికలోనే ఆ మాట వాడారు. తినే చాక్లెట్‌కూ ఈ తిత్తికీ రంగు పోలిక తప్ప వేరే సంబంధం లేదు. చాక్లెట్లు తిన్నందువల్ల ఇది రాదు, మానేస్తే పోదు.

తెలుగు ఇళ్లలో అండాశయంలో ఏది కనిపించినా 'నీటి బుడగ' అనేయడం అలవాటు. ఈ ఒక్క మాట చాలా గందరగోళం తెస్తుంది. పీసీఓడీలో కనిపించేవి నీటి బుడగలు కావు, పూర్తిగా ఎదగని చిన్న చిన్న అండకోశాలు. అక్కడి అసలు చిక్కు అండం సరిగా విడుదల కాకపోవడం. చాక్లెట్ సిస్ట్‌లో చాలామందికి నెలసరి తేదీ తప్పకుండా వస్తుంది, అండమూ విడుదలవుతుంది. బరువు తగ్గడం, మెట్‌ఫార్మిన్ మాత్రలు పీసీఓడీలో మేలు చేస్తాయి కాబట్టి ఇక్కడా చేస్తాయని పక్కింటివారి మందుచీటీ చూసి మొదలుపెట్టేవారున్నారు. వాటితో ఈ తిత్తి కరగదు.

తిత్తి ఎలా ఏర్పడుతుందన్నది తెలిస్తే, తర్వాత వచ్చే నిర్ణయాలన్నీ అర్థమవుతాయి. 1927లో శాంప్సనే చెప్పిన వివరణ ఇప్పటికీ ఎక్కువ ఆదరణ ఉన్నది. నెలసరి సమయంలో కొంత నెత్తురు కిందికి పోకుండా గర్భనాళాల గుండా వెనక్కి, కడుపులోకి జారుతుంది. దానితోపాటు వెళ్లిన పొర కణాలు అక్కడ అంటుకుని బతుకుతాయి. అయితే ఇలా వెనక్కి జారడం చాలామంది స్త్రీలలో జరుగుతుంది, జబ్బు మాత్రం కొందరికే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానం కలిగే వయసులో ఉన్న స్త్రీలలో పదిమందిలో ఒకరికి ఎండోమెట్రియోసిస్ ఉంటుంది. తల్లికో అక్కచెల్లెళ్లకో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. కడుపులో చేరిన కణాలను శరీరం ఏరిపారేయలేకపోవడం కూడా ఒక కారణమని వైద్యులు భావిస్తున్నారు.

అండాశయం మీద అంటుకున్న కణజాలం నెలనెలా కారే చోట, అండాశయపు పైపొర క్రమంగా లోపలికి ముడుచుకుపోతుంది. చొక్కా జేబును వేలితో లోపలికి నొక్కితే గుడ్డ ఎలా లోపలికి పోతుందో అలాగన్నమాట. బయటి అంచులు పక్కనున్న కండరానికో పొరకో అతుక్కుని జేబు నోరు మూసుకుపోతుంది, లోపల నెత్తురు నిలుస్తుంది. హ్యూస్డన్ అనే శాస్త్రవేత్త 1957లో అండాశయాలను కోసి చూసి ఈ సంగతి చూపించారు. ఇందులో అసలు విషయమేమిటంటే, చాలా చాక్లెట్ సిస్ట్‌ల గోడ పరాయి పదార్థం కాదు, లోపలికి తిరిగిన అండాశయపు పైపొరే. స్త్రీకి పుట్టుకతో వచ్చిన అండాల నిల్వ అంతా ఉండేది ఆ పైపొరలోనే. కాబట్టి తిత్తి గోడను ఒలిచి తీస్తే దానితోపాటు కొన్ని అండాలూ పోతాయి. 'సిస్టే కదా, తీసేస్తే సరి' అన్న మాట ఇక్కడ చెల్లదు.

చాలామందికి ఈ తిత్తి ఉన్నట్టు స్కానింగ్‌లోనే తెలుస్తుంది. యోని ద్వారా చేసే స్కాన్‌లో, అంటే టీవీఎస్‌లో, ఇది బాగా కనిపిస్తుంది. మామూలు నీటి తిత్తి తెరమీద నల్లగా, ఖాళీగా ఉంటుంది. చాక్లెట్ సిస్ట్ లోపల మాత్రం సన్నటి బూడిదరంగు చుక్కలు ఒకే తీరుగా పరుచుకుని, మసక గాజు వెనకనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. రిపోర్టులో 'గ్రౌండ్ గ్లాస్ ఎకోస్' అని రాసేది దీన్నే. గోడ నున్నగా ఉండి, లోపల ఒకటి నుంచి నాలుగు గదులు మించకుండా, గోడనుంచి లోపలికి పొడుచుకొచ్చిన కండ లేకుండా, లోపల రక్తప్రసరణ లేకుండా ఉంటే అనుభవమున్న రేడియాలజిస్టు దాదాపు నిశ్చయంగా పేరు చెప్పగలరు. కేవలం పేరు ఖరారు చేసుకోవడం కోసం ఆపరేషన్ చేయనక్కర్లేదు. పెళ్లికాని అమ్మాయిలకు పొట్టమీదనుంచి స్కాన్ చేస్తారు. అందులో చిత్రం కాస్త మసకగా ఉంటుంది కాబట్టి అనుమానం తీరకపోతే ఎమ్ఆర్ఐ తీయిస్తారు.

దీన్ని చూసి పొరబడే సందర్భాలు రెండు తరచూ ఎదురవుతాయి. అండం విడుదలైన చోట ఒక్కోసారి నెత్తురు గూడుకట్టి, అచ్చం చాక్లెట్ సిస్ట్‌లా కనబడుతుంది. అది తాత్కాలికం, ఒకటి రెండు నెలసర్లలో దానంతటదే కరిగిపోతుంది. అందుకే మొదటిసారి కనబడిన తిత్తి విషయంలో, ప్రమాద సూచనలేమీ లేకపోతే, ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగి మళ్లీ స్కాన్ చేయిస్తారు. తిత్తి అలాగే ఉంటే అది చాక్లెట్ సిస్ట్ అనుకోవచ్చు, మాయమైతే గొడవ లేదు. ఈ రెండో స్కాన్ లేకుండానే ఆపరేషన్ తేదీ ఇవ్వడం తొందరపాటు. రెండో పొరపాటు సీఏ-125 రక్తపరీక్షతో వస్తుంది. 35 దాటితే ఎక్కువ అని ల్యాబ్ కాగితం మీద ఉంటుంది, ఇంట్లో అందరూ కేన్సర్ అని బెంబేలెత్తిపోతారు. ఎండోమెట్రియోసిస్‌లో ఇది పెరగడం మామూలే, నెలసరి రోజుల్లో ఇంకా పెరుగుతుంది. ఒక్క ఆ అంకెతో కేన్సర్ ఉందనీ చెప్పలేరు, ఎండోమెట్రియోసిస్ లేదనీ చెప్పలేరు.

రిపోర్టులో కొలత ఉంటుంది: ఉదాహరణకు ఎడమ అండాశయంలో 46 × 41 × 38 మిల్లీమీటర్లు. ఇంటికి రాగానే అందరి కళ్లూ ఆ అంకె మీదే పడతాయి. నొప్పి విషయంలో మాత్రం ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. ఏడు సెంటీమీటర్ల తిత్తి ఉండి ఏ బాధా లేనివారుంటారు. రెండు సెంటీమీటర్ల తిత్తితో నెలకు మూడు రోజులు మంచం దిగలేనివారూ ఉంటారు. చాలాసార్లు నొప్పికి మూలం తిత్తి లోపల ఉండదు, దాని చుట్టూ ఉంటుంది. అండాశయంలో చాక్లెట్ సిస్ట్ ఉండి, పొత్తికడుపులో ఇంకెక్కడా ఎండోమెట్రియోసిస్ లేకపోవడం అరుదు. గర్భసంచి వెనుక బంధకాల మీద, పెద్దపేగు గోడ మీద, మూత్రాశయం పక్కన చిన్న చిన్న మచ్చలుగానో, గట్టి కణుపులుగానో జబ్బు దాగి ఉంటుంది. నెలనెలా వాపెక్కి నరాలను రెచ్చగొట్టేవి ఆ కణుపులే. పక్కపక్కన ఉన్న అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం నొప్పిని మరింత పెంచుతుంది. తిత్తి కళ్లకు సులువుగా కనబడే గుర్తు. అది కనబడిన చోట మిగతా జబ్బును వెతకాలి.

ఆ వెతుకులాట స్కాన్‌లోనే మొదలవుతుంది. స్కాన్ ప్రోబును మెల్లగా నొక్కినప్పుడు గర్భసంచి వెనుక భాగం పేగు మీదుగా జారుతోందా, బిగిసిపోయి ఉందా అని చూస్తారు. జారకపోతే రెండూ అతుక్కున్నట్టు. రెండు అండాశయాలూ గర్భసంచి వెనుక మధ్యకు లాక్కొచ్చి ఒకదానికొకటి ఆనుకుని కనబడితే జబ్బు ముదిరిందని అర్థం. తిత్తి కొలత మాత్రమే రాసి, ఈ సంగతులు ఏమీ రాయని రిపోర్టు అసంపూర్తి రిపోర్టు. నొప్పి ఎక్కువగా ఉన్నవారు ఎండోమెట్రియోసిస్ స్కాన్‌లో అనుభవమున్న రేడియాలజిస్టు దగ్గర మరోసారి చేయించుకుంటే ఖర్చు వృథా పోదు.

నొప్పి ఏ చోట, ఎప్పుడు అన్నది జబ్బు చిరునామా చెబుతుంది. ముట్టుకు ఒకటి రెండు రోజుల ముందే మొదలై, ఆ రోజులన్నీ సాగే నొప్పి అందరికీ తెలిసినదే. కలయిక సమయంలో లోతుగా పోటు వస్తే గర్భసంచి వెనుక కణుపులను అనుమానించాలి. ముట్టు రోజుల్లో మలవిసర్జనకు కూర్చోగానే మెలితిప్పినట్టు నొప్పి వస్తే పేగును అనుమానించాలి. కలయికలో నొప్పి గురించి భర్తతో సైతం చెప్పుకోలేక, డాక్టరు అడిగితే తల దించుకుని ఏమీ లేదనేవారు ఎందరో. డాక్టరు అడగకపోయినా ఈ రెండు సంగతులూ చెప్పాలి. ముట్టు నొప్పి ఆడపిల్లకు మామూలే, పెళ్లయితే పోతుంది, ఒక కాన్పయితే పోతుంది అన్న పెద్దల మాట వల్ల ఈ జబ్బు బయటపడడానికి ఏళ్లు పడుతోంది. గర్భంతో ఉన్న నెలల్లో ముట్టు ఆగుతుంది కాబట్టి నొప్పి కొంత నెమ్మదించవచ్చు. కాన్పు మాత్రం ఈ జబ్బుకు చికిత్స కాదు. కాలేజీకో ఆఫీసుకో నెలనెలా సెలవు పెట్టించే నొప్పిని మామూలు నొప్పి అనకూడదు.

ఇప్పట్లో పిల్లలు అక్కర్లేనివారికి నొప్పి తగ్గించడంలో మొదటి మెట్టు మందులే. నొప్పి మాత్రలు, ఉదాహరణకు మెఫెనమిక్ యాసిడ్ లాంటివి, నొప్పి ముదిరాక కాకుండా మొదలవుతుండగానే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. వాటితో సరిపోకపోతే హార్మోన్ మాత్రలు. రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ మన దగ్గర బాగా వాడుకలో ఉన్న మందు. మధ్యలో ఆపకుండా రోజూ వేసుకోవాలి. దానితో ముట్టు ఆగిపోతుంది లేదా బాగా తగ్గుతుంది, జబ్బు కణజాలం సన్నగిల్లుతుంది, తిత్తి కూడా కొంత చిన్నదవుతుంది. మొదటి కొద్ది నెలలు లెక్కాపత్రం లేకుండా మరకలు కనబడతాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే, మందు పడలేదనుకుని రెండో నెలలోనే ఆపేస్తారు. తలనొప్పి, మనసు దిగులుగా ఉండడం కొందరిలో కనబడతాయి. దిగులు ఎక్కువైతే డాక్టరుకు చెప్పి మందు మార్చుకోవాలి. మామూలు గర్భనిరోధక మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూపు కూడా ఇదే కోవలోనివి. వీటితో అదుపు కాని నొప్పికి నెలకో మూడు నెలలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి కొంతకాలం ముట్లుడిగిన స్థితిని తెస్తాయి కాబట్టి ఒళ్లు ఆవిర్లు వస్తాయి, ఎముకలు పలచబడతాయి. అందుకే ఎక్కువకాలం ఇవ్వాల్సివస్తే తోడుగా కొద్ది మోతాదులో హార్మోన్ ఇస్తారు. ఈ మందులన్నీ జబ్బును అణచి ఉంచుతాయే తప్ప వేళ్లతో పీకేయవు. ఆపితే కొన్నాళ్లకు నొప్పి తిరిగి రావచ్చు.

ఇక్కడే చాలా జంటలు కాలం పోగొట్టుకుంటాయి. హార్మోన్ మందులన్నీ ఏదో ఒక రకంగా అండం విడుదలను ఆపేవో, గర్భం నిలవనీయనివో. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న స్త్రీకి 'ముందు ఆరు నెలలు సిస్ట్ కరిగిద్దాం' అని ఇవి ఇస్తే, ఆ ఆరు నెలలూ గర్భం రాదు, ఆపాక గర్భం వచ్చే అవకాశమూ పెరగదు. యూరప్ వైద్యుల సంఘం ఈష్రే 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి: సహజంగా గర్భం రావడానికి సాయపడతాయన్న ఉద్దేశంతో ఈ మందులు ఇవ్వకూడదు. 34 ఏళ్ల స్త్రీకి ఆరు నెలలు తక్కువ కాలం కాదు.

చాక్లెట్ సిస్ట్ ఉంటే పిల్లలు పుట్టరన్న భయం మాత్రం అర్థం లేనిది. ఇటలీ పరిశోధకులు ఒక అండాశయంలో మాత్రమే తిత్తి ఉన్న 244 మంది స్త్రీలను ఆరు నెలలపాటు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. తిత్తి ఉన్న వైపునుంచి అండం విడుదలైన నెలలు, ఆరోగ్యంగా ఉన్న వైపునుంచి విడుదలైన నెలలు దాదాపు సమానం. ఆ ఆరు నెలల్లో వారిలో 43 శాతం మందికి ఏ చికిత్సా లేకుండానే గర్భం వచ్చింది. తిత్తి ఉన్నా దారి తెరిచే ఉంటుందన్నమాట. అలాగని జబ్బు ప్రభావం ఏమీ లేదనడం కూడా సరికాదు. తిత్తి చుట్టూ ఉన్న పైపొర మీద దాని ఒత్తిడి, అందులోని ఇనుము లాంటి పదార్థాల దెబ్బ పడి అండాల నిల్వ మెల్లగా తరుగుతుంది. అతుకుల వల్ల గర్భనాళం చివర విడుదలైన అండాన్ని అందుకోలేకపోవచ్చు. కలయికే నొప్పిగా ఉంటే ప్రయత్నాలు తగ్గడమూ సహజం. వీటన్నిటికీ తోడు వయసు.

నిల్వ ఎంతుందో అంచనా వేయడానికి రెండు కొలతలున్నాయి. రక్తంలో ఏఎమ్‌హెచ్ ఒకటి, ముట్టు మొదటి రోజుల్లో స్కాన్‌లో లెక్కపెట్టే చిన్న అండకోశాల సంఖ్య రెండోది. ఏఎమ్‌హెచ్ తక్కువ ఉందంటే అండాల సంఖ్య తక్కువ అని మాత్రమే అర్థం. వాటి నాణ్యతను వయసు నిర్ణయిస్తుంది. ఆపరేషన్ గురించి ఆలోచించే ముందే ఈ రెండూ చూడాలి, తర్వాత చూసి నిట్టూర్చడం వల్ల ఉపయోగం లేదు.

ఆపరేషన్ సాధారణంగా లాపరోస్కోపీతో, అంటే బొడ్డు దగ్గరా పొట్ట కింద భాగంలోనూ చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ చేస్తారు. అతుక్కున్న అండాశయాన్ని ముందు విడదీస్తారు. ఆ సమయంలోనే తిత్తి చిట్లి చిక్కటి ద్రవం కారుతుంది, దాన్ని కడిగి పీల్చేస్తారు. తర్వాత తిత్తి గోడ అంచు పట్టుకుని ఒకవైపుకు, అండాశయం అంచు పట్టుకుని మరోవైపుకు మెల్లగా లాగుతూ, నారింజ తొన మీది పొరను ఒలిచినట్టు ఒలుస్తారు. పొర సులువుగా ఊడివచ్చే చోట నష్టం తక్కువ. నెత్తురు కారే చోట, ముఖ్యంగా అండాశయానికి రక్తనాళాలు వచ్చే మూల దగ్గర, గోడ గట్టిగా పట్టుకుని ఉంటుంది. అక్కడ బలవంతంగా లాగినా, నెత్తురు ఆపడానికి విద్యుత్తుతో ఎక్కువగా మాడ్చినా ఆరోగ్యంగా ఉన్న భాగం దెబ్బతింటుంది. అందుకే ఆపరేషన్ ఎవరు చేస్తారన్నది ఇందులో చాలా పెద్ద విషయం. తిత్తి ఒలిచిన తర్వాత ఏఎమ్‌హెచ్ సగటున మూడో వంతు లేదా అంతకుమించి తగ్గుతున్నట్టు పలు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. రెండు వైపులా ఒలిస్తే నష్టం మరింత ఎక్కువ. రెండు అండాశయాలకూ ఆపరేషన్ జరిగినవారిలో కొద్దిమందికి, ఒక అధ్యయనంలో వందకు ఇద్దరు ముగ్గురికి, అండాశయాల పని తర్వాత పూర్తిగా ఆగిపోయింది.

మరి సూదితో ద్రవం లాగేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. గోడ అలాగే ఉంటుంది కాబట్టి కొద్ది నెలల్లోనే తిత్తి మళ్లీ నిండుతుంది, పైగా ఇన్ఫెక్షన్ భయం ఉంది. ద్రవం తీసి గోడను మాడ్చే పద్ధతి కన్నా ఒలిచే పద్ధతిలో తిత్తి తిరిగి రావడం తక్కువ, నొప్పి తగ్గడం ఎక్కువ. అయినా జబ్బు తిరగబెట్టడం అరుదేమీ కాదు. ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్ల తర్వాత మందులేమీ వాడకపోతే రెండేళ్లలో అయిదుగురిలో ఒకరికి, అయిదేళ్లలో దాదాపు సగం మందికి తిరిగి వస్తుందని ఒక అంచనా. అందుకే వెంటనే గర్భం కోరుకోనివారికి ఆపరేషన్ తర్వాత కనీసం ఒకటిన్నర, రెండేళ్లపాటు హార్మోన్ మందు కొనసాగిస్తారు. తిరిగి వచ్చిన ప్రతిసారీ కోస్తూ పోతే చివరికి అండాశయంలో మిగిలేది మచ్చే. రెండోసారి ఆపరేషన్‌కు మొదటిసారి కన్నా చాలా గట్టి కారణం ఉండాలి.

ఒక సందర్భాన్ని దగ్గరగా చూస్తే ఈ లెక్కలు ఎలా కలుస్తాయో తెలుస్తుంది. పెళ్లయి రెండేళ్లయిన 31 ఏళ్ల స్త్రీ అనుకుందాం. 14 నెలలుగా గర్భం కోసం ప్రయత్నిస్తున్నారు. ముట్టు మొదటి రెండు రోజులు నొప్పి ఉంటుంది, మాత్రతో అదుపవుతుంది. స్కాన్‌లో ఎడమవైపు 46 మిల్లీమీటర్ల తిత్తి. రెండు నెలల తర్వాతి స్కాన్‌లోనూ అంతే. ఎడమ అండాశయంలో రెండు అండకోశాలు, కుడివైపు అయిదు కనబడ్డాయి. ఏఎమ్‌హెచ్ 1.4, ఆ వయసుకు తక్కువే. గర్భనాళాల ఎక్స్‌రేలో రెండూ తెరిచే ఉన్నాయి. భర్త వీర్యపరీక్ష మామూలుగా ఉంది. (ఆ పరీక్ష చేయించకుండా భార్యను ఆపరేషన్ బల్ల ఎక్కించిన సందర్భాలు లేకపోలేదు. అది మొదటి వారంలోనే జరగాల్సిన పని.)

ఈమెకు ముందుగా తిత్తి తీయిస్తే ఏమవుతుంది? నొప్పి ఎలాగూ మాత్రతో తగ్గుతోంది కాబట్టి అక్కడ పెద్ద లాభం లేదు. తక్కువగా ఉన్న అండాల నిల్వ ఇంకా తగ్గే ప్రమాదం మాత్రం ఖాయంగా ఉంది. ఇలాంటి చోట తిత్తిని ముట్టుకోకుండా నేరుగా ఐవీఎఫ్‌కు వెళ్లడమే మంచి దారి అని ఎక్కువమంది నిపుణులు చెబుతారు. ఐవీఎఫ్‌కు ముందు అలవాటుగా తిత్తి తీయడం వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరగదని ఈష్రే మార్గదర్శకాలు కూడా అంటాయి. తిత్తి ఉన్నవారిలో ఐవీఎఫ్‌లో దొరికే అండాలు కాస్త తక్కువ ఉండొచ్చు. బిడ్డ పుట్టే శాతం మాత్రం తిత్తి లేనివారితో పోలిస్తే పెద్ద తేడా లేదు. అండాలు తీసేటప్పుడు సూది తిత్తిలో గుచ్చుకోకుండా చూస్తారు. గుచ్చుకుంటే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం తక్కువే అయినా యాంటీబయాటిక్ ఇస్తారు.

అదే స్త్రీకి ఒక్కో సంగతి మారిస్తే సలహా మారిపోతుంది. వయసు 27, ఏఎమ్‌హెచ్ 4, కలయికలో భరించలేని పోటు, స్కాన్‌లో పేగు దగ్గర కణుపు. ఇక్కడ అనుభవజ్ఞుడైన సర్జన్ తిత్తినీ కణుపులనూ ఒకేసారి తీసి, అతుకులు విడదీస్తే నొప్పి తగ్గుతుంది, తర్వాతి ఏడాదిలో సహజంగా గర్భం వచ్చే అవకాశమూ బాగుంటుంది. తిత్తి అడ్డుపడి అండకోశాలకు సూది చేరే దారి లేకపోయినా, తిత్తి రూపం అనుమానంగా ఉన్నా ఆపరేషన్ తప్పదు. ఇక రెండు వైపులా తిత్తులు ఉండి, పెళ్లికాని, 28 ఏళ్ల అమ్మాయికి నొప్పి వల్ల ఆపరేషన్ అవసరమైతే, ముందుగా అండాలు తీసి నిల్వ చేసుకునే వీలు గురించి ఆమెతో మాట్లాడాలి. ఈ మాట ఆపరేషన్ అయ్యాక చెప్పి లాభం లేదు. పెళ్లి సంబంధాల వేళ ఈ ఊసే ఎత్తొద్దనుకునే తల్లిదండ్రులు ఉంటారు. వారి భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ నిర్ణయం తీసుకోవలసింది ఆ అమ్మాయి.

నొప్పి లేక, పిల్లల ప్రయత్నమూ లేక, ఇంకేదో కారణంతో తీసిన స్కాన్‌లో మూడు సెంటీమీటర్ల తిత్తి బయటపడితే చేయాల్సింది గమనించడమే. మొదట కొన్ని నెలలకు, తర్వాత ఏడాదికోసారి స్కాన్ చేయించుకుంటే చాలు. ఆ స్కాన్లలో చూసేది ముఖ్యంగా తిత్తి రూపం మారిందా అన్నది. కేన్సర్ భయం గురించి అంకెల్లో చెప్పుకుంటే, జీవితకాలంలో అండాశయ కేన్సర్ వచ్చే అవకాశం స్త్రీలందరిలో వందకు 1.3 అయితే, ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో వందకు 1.8. తేడా ఉంది, కానీ వందలో 98 మందికి ఆ జబ్బు రాదు. ఈ స్వల్ప ప్రమాదం కోసం యువతులలో తిత్తులు తీయడం, మరీ ఘోరంగా అండాశయాన్నే తీసేయడం సమర్థించలేనిది. తిత్తి లోపల రక్తప్రసరణ ఉన్న కండ కనబడినా, కొద్ది నెలల్లో గబగబా పెరిగినా లెక్క మారుతుంది. గర్భిణుల్లో మాత్రం తిత్తి గోడ మీద అలాంటి కండ హార్మోన్ల వల్ల తాత్కాలికంగా ఏర్పడుతుంది. ఆ సంగతి తెలిసిన రేడియాలజిస్టు అభిప్రాయం తీసుకోకుండా గర్భంతో ఉన్నప్పుడు ఆపరేషన్‌కు తొందరపడకూడదు.

అరుదుగా తిత్తి కడుపులోనే చిట్లుతుంది. ఉన్నట్టుండి పొత్తికడుపులో కత్తితో పొడిచినట్టు నొప్పి మొదలై, పొట్ట గట్టిపడి, వాంతులో జ్వరమో కళ్లు తిరగడమో తోడైతే ఉదయం దాకా ఆగకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. చిక్కటి పాత నెత్తురు కడుపు లోపలి పొరను తీవ్రంగా రేపుతుంది కాబట్టి ఆపరేషన్ చేసి కడగాల్సి రావచ్చు.

ముట్లుడిగాక ఈ జబ్బుకు ఇంధనమైన ఈస్ట్రోజెన్ తగ్గిపోయి, పాత తిత్తులు చాలావరకు ముడుచుకుపోతాయి. ఆ వయసులో కొత్తగా తిత్తి కనబడినా, ఉన్నది పెరిగినా దాన్ని చాక్లెట్ సిస్ట్ అనుకుని వదిలేయరు. తీయించి పరీక్షకు పంపిస్తారు.